రెండు గంటల ఇంటర్వ్యూలోంచి షార్ట్ క్లిప్స్ తీయడం: ట్రాన్స్‌క్రిప్ట్, టైమ్‌స్టాంప్‌లతో నా అనుభవం

మా ఫ్రెండ్ ఒకరు చాలా ఏళ్ళు స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన ఒక మాస్టారిని ఇంటర్వ్యూ చేశారు, ఫైల్ రెండు గంటల మూడు నిమిషాలు వచ్చింది, ఫుల్ వీడియో ఎలాగూ పెడతారు కానీ దాంతోపాటు ఒక ఆరు చిన్న క్లిప్స్ కావాలి, ఒక్కోటి నిమిషం లోపు ఉండాలి అని ఆ పని నాకిచ్చారు. ఇలాంటివి ఇంతకుముందు కూడా చేశాను గానీ ఈసారి మొత్తం ట్రాన్స్‌క్రిప్ట్ మీదే ఆధారపడి చేశా, అందులో పనికొచ్చినవి, ఎక్కడ జాగ్రత్త పడాలో అన్నీ వివరంగా రాస్తున్నా, ఎందుకంటే నేను వెతికినప్పుడు తెలుగు ఇంటర్వ్యూలతో ఈ పని ఎలా చేయాలో సరిగ్గా చెప్పినవాళ్ళు దొరకలేదు.

ముందుగా ట్రాన్స్‌క్రిప్ట్ సంగతి. మాటని టెక్స్ట్‌గా మార్చే సాఫ్ట్‌వేర్‌తో ఎస్‌ఆర్‌టీ ఫైల్ తీసుకున్నా, అంటే సబ్‌టైటిల్స్‌కి వాడే ఫైల్, ప్రతి ముక్కకీ ఒక నంబరు, మొదలయ్యే టైమ్, ముగిసే టైమ్, దాని కింద మాటలు ఉంటాయి. తెలుగులో ఇది తప్పుల్లేకుండా రాదు, పేర్లు తప్పు పడతాయి, ఇద్దరూ ఒకేసారి మాట్లాడిన చోట ఒకరి మాట పోతుంది, అయినా మొత్తం కూర్చుని దిద్దాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం. వెతకడానికి డెబ్భై ఎనభై శాతం కరెక్టుగా ఉన్నా చాలు, చివరికి ఏ క్లిప్స్ తీస్తామో వాటి టెక్స్ట్ మాత్రం అక్షరం అక్షరం దిద్దుకోవాలి. రెండు గంటల టెక్స్ట్ దిద్దడానికి పట్టే టైమ్ వినడానికి వాడితే ఎంతో మేలు.

ఒక్క పని మాత్రం మొదట్లోనే చేసెయ్యాలి, టైమ్‌స్టాంపులు నిజంగా వీడియోతో కలుస్తున్నాయా లేదా అని చూసుకోవడం. మాకు ఆడియో విడిగా రికార్డర్‌లో తీశారు, ట్రాన్స్‌క్రిప్ట్ ఆ ఆడియోలోంచి చేశారు, కెమెరా ఏమో రికార్డర్ కన్నా తర్వాత ఆన్ చేశారు. మొదట్లో చప్పట్లు కొట్టిన శబ్దం ఆడియోలో 41వ సెకను దగ్గర ఉంది, వీడియోలో 3వ సెకను దగ్గర ఉంది, అంటే 38 సెకన్లు తేడా. ఇక్కడితో ఆగకుండా మధ్యలో ఒక చోట, చివర్లో నమస్కారం చెప్పిన చోట కూడా చూశా. మూడు చోట్లా అదే 38 ఉంటే మొత్తం ఫైల్‌ని అంత వెనక్కి జరిపితే సరిపోతుంది, ఏ సబ్‌టైటిల్ ఎడిటర్‌లో అయినా అన్ని టైమ్‌లనీ ఒకేసారి జరిపే ఆప్షన్ ఉంటుంది. అలా కాకుండా మొదట్లో 38, మధ్యలో 39, చివర్లో 41 అలా పెరుగుతూ పోతుంటే మాత్రం అది వేరే జబ్బు, రెండు పరికరాల గడియారాలు ఒకే వేగంతో నడవట్లేదనో, వీడియో ఫ్రేమ్ రేటు నిలకడగా లేదనో అర్థం, వీడియో కాల్ రికార్డింగుల్లో ఇది బాగా కనిపిస్తుంది. అప్పుడు జరపడం వల్ల లాభం లేదు. అన్నిటికన్నా సులువు ఏంటంటే కమాండ్‌తో నడిచే ffmpeg అనే టూల్‌తో వీడియోలోంచే ఆడియో తీసి దానికే ట్రాన్స్‌క్రిప్ట్ చేయించడం, అప్పుడు ఈ తలనొప్పే ఉండదు:

```
ffmpeg -i interview.mp4 -vn -ac 1 -ar 16000 interview.wav
```

మాకు మూడు చోట్లా 38 దగ్గరే వచ్చింది కాబట్టి జరిపేశా. ఇక్కడి నుంచి నేను రాసే టైమ్‌లన్నీ అలా జరిపాక ఉన్నవే.

ఇంకో చిన్న తిరకాసు ఉంది, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైమ్‌లైన్ పెట్టుకుని అక్కడ టైమ్ కొట్టి వెళ్ళేవాళ్ళకి ఇది తప్పకుండా తెలియాలి. మా వీడియో సెకనుకి 29.97 ఫ్రేములు. టైమ్‌లైన్ నాన్ డ్రాప్ ఫ్రేమ్‌లో ఉంటే అది 30 ఫ్రేములు లెక్కపెట్టాకే ఒక సెకను అయిందంటుంది, కానీ నిజంగా ఆ 30 ఫ్రేములు ఆడటానికి సెకను కన్నా కాస్త ఎక్కువ పడుతుంది, అందుకని టైమ్‌లైన్ నంబరు నిజమైన గడియారం కన్నా గంటకి 3.6 సెకన్లు వెనకపడుతుంది, రెండు గంటలకి 7 సెకన్లు దాటుతుంది. ఎస్‌ఆర్‌టీలో 01:12:38 అని ఉన్న మాట టైమ్‌లైన్‌లో 01:12:33 దాటాక వచ్చేస్తుంది, మనం 38 అని కొట్టి వెళ్తే అప్పటికే మాట సగం అయిపోయి ఉంటుంది, ట్రాన్స్‌క్రిప్ట్ తప్పేమో అనుకుంటాం. సీక్వెన్స్ సెట్టింగ్స్‌లో డ్రాప్ ఫ్రేమ్‌కి మారిస్తే సరిపోతుంది, అది అప్పుడప్పుడు కొన్ని ఫ్రేమ్ నంబర్లు వదిలేసి గడియారంతో కలిసి నడుస్తుంది. వీడియో 25 ఫ్రేముల్లో తీసినదైతే అసలు ఈ గొడవే లేదు. మొదటి అరగంటలో తేడా రెండు సెకన్లు కూడా ఉండదు కాబట్టి కనిపించదు, రెండో గంటలోకి వెళ్ళాకే బయటపడుతుంది, అందుకే చివర్లో కూడా చెక్ చేయాలని అంటున్నా.

ఇక అసలు పని, మంచి మాటలు ఎక్కడున్నాయో పట్టుకోవడం.

చాలామంది ట్రాన్స్‌క్రిప్ట్ పై నుంచి కిందదాకా చదివి బాగున్న వాక్యాలకి రంగు పూస్తారు, నేనూ చదువుతా, కానీ దాన్ని ఒక్కదాన్నే నమ్మను. ఎందుకంటే చదివితే బాగుండేది వేరు, వింటే బాగుండేది వేరు. మాస్టారు మొదటి అరగంటలో విద్య గురించి చక్కటి వాక్యాలు చాలా చెప్పారు, టెక్స్ట్‌లో చూస్తే ప్రతిదీ కోట్ చేయాలనిపిస్తుంది, వింటే మాత్రం ఇంతకుముందు చాలా సభల్లో చెప్పినవి మళ్ళీ చెప్తున్నట్టు గొంతు సాఫీగా, ఒకే శ్రుతిలో పోతూ ఉంటుంది. దానికి తిరగేస్తే, టెక్స్ట్‌లో ఏమీ లేనట్టు కనిపించే సగం వాక్యాలు వింటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అందుకని మాటలతో పాటు ఆ మాటల చుట్టూ టెక్స్ట్‌లో పడే ఆనవాళ్ళని వెతకడం మొదలుపెట్టా, నాకు బాగా పనికొచ్చినవి రెండు.

మొదటిది, ఇంటర్వ్యూ చేసేవాళ్ళ స్పందన. మాస్టారు ఏం మాట్లాడతారో మనకి తెలియదు కాబట్టి ఏ పదం వెతకాలో తెలియదు, కానీ ఆయన ఏదైనా గట్టి మాట అన్నప్పుడు ఎదురుగా ఉన్న మనిషి నోట్లోంచి ఏమొస్తుందో ఊహించొచ్చు కదా. "అబ్బా", "అయ్యో", "నిజంగానా", "అదేంటండి", "మళ్ళీ చెప్పండి", "ఎప్పుడూ చెప్పలేదే" ఇలాంటివన్నీ వెతికా, దొరికిన ప్రతి చోటా ఇరవై ముప్పై సెకన్లు వెనక్కి వెళ్ళి చదివా. ఇది అద్భుతంగా పని చేసింది. "ఊఁ", "ఓకే", "సూపర్" లాంటివి మాత్రం వెతకొద్దు, అవి మా ఫ్రెండ్‌కి ఊతపదాలు, ప్రతి నిమిషానికీ వస్తాయి. ఎవరి ఊతపదాలేంటో మొదటి పది నిమిషాలు వింటే తెలిసిపోతుంది, వాటిని పక్కనపెట్టి మిగిలినవి వెతకాలి.

వెతకడంలో తెలుగుకి ఒక ఇబ్బంది ఉంది, ప్రత్యయాలు అతుక్కుపోతాయి. "నాన్నగారు" అని పూర్తిగా కొట్టి వెతికితే "నాన్నగారితో", "నాన్నకి", "నాన్నేమో" ఏవీ రావు, "నాన్న" దగ్గరే ఆపితే అన్నీ వస్తాయి. అలాగని మరీ చిన్నగా "అమ్మ" అని వెతికితే "అమ్మకం", "అమ్మాయి" కూడా వచ్చిపడతాయి, ఫరవాలేదు, తీసిపారేయడం కష్టం కాదు. ఒకే మాటని సాఫ్ట్‌వేర్ ఒక చోట కలిపి ఒక చోట విడదీసి రాస్తుంది, "నిజం చెప్పాలంటే" ఒక చోట, "నిజం చెప్పాలి అంటే" ఇంకో చోట, అందుకని "నిజం చెప్పా" వరకే కొట్టాలి. ఈ "నిజం చెప్పాలంటే", "ఇది ఎక్కడా అనలేదు", "ఆ రోజు" అన్నవి కూడా వెతకదగ్గవే, ముఖ్యంగా "ఆ రోజు" అన్నారంటే సాధారణంగా మాట్లాడే మనిషి ఒక సంఘటనలోకి దిగాడని అర్థం, క్లిప్‌కి సంఘటన ఉంటే ప్రాణం ఉంటుంది.

రెండోది టైమ్‌స్టాంపుల్లోనే ఉంది, నాకు దీనిమీదే ఎక్కువ నమ్మకం. ప్రతి ముక్కకీ ఎన్ని అక్షరాలున్నాయో, అది ఎన్ని సెకన్లు నడిచిందో మనకి తెలుసు. అక్షరాలని సెకన్లతో భాగిస్తే ఆ మనిషి ఆ క్షణంలో ఎంత వేగంగా మాట్లాడుతున్నాడో వస్తుంది. మాస్టారికి సగటున సెకనుకి పన్నెండు దాకా వస్తోంది, ఇక్కడ గుణింతం గుర్తులు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కలోకొస్తాయి కాబట్టి మనం కంటితో చూసే అక్షరాల కన్నా ఎక్కువ అనిపిస్తుంది, ఏం పర్లేదు, పోల్చడానికే కదా. సగటు పన్నెండు ఉన్న మనిషికి ఏదైనా ముక్కలో ఏడో ఆరో వచ్చిందంటే అక్కడ ఏదో జరిగింది, ఆగాడు, గొంతు పట్టేసింది, నవ్వాడు, మాట కోసం వెతుక్కున్నాడు. టెక్స్ట్‌లో మౌనం కనపడదు కానీ టైమ్‌లో కనపడుతుంది. దీనికోసం చిన్న స్క్రిప్ట్ ఒకటి రాసుకున్నా:

```python
def sec(x):
    h, m, s = x.replace(",", ".").split(":")
    return int(h) * 3600 + int(m) * 60 + float(s)

t = open("interview.srt", encoding="utf-8").read()
for b in t.strip().split("\n\n"):
    p = b.split("\n")
    a, z = p[1].split(" --> ")
    d = sec(z) - sec(a)
    text = " ".join(p[2:])
    if d > 3 and len(text) / d < 8:
        print(a, text)
```

చివర్లో ఉన్న 8 అన్నది ఈ మాస్టారికి సరిపోయిన నంబరు, గబగబా మాట్లాడే మనిషికి అది పెంచాలి, సగటులో మూడింట రెండొంతులు పెట్టుకుంటే దరిదాపుల్లో ఉంటుంది. మూడు సెకన్ల కన్నా చిన్న ముక్కలు వదిలేశా, లేకపోతే "ఆఁ", "అవునండి" అన్నవన్నీ లిస్టులోకి వచ్చేస్తాయి. ఇంకోటి, కొన్ని సాఫ్ట్‌వేర్‌లు ఒక ముక్క ముగిసే టైమ్‌ని తర్వాతి ముక్క మొదలయ్యే టైమ్‌కి అతికించేస్తాయి, అప్పుడు మౌనం ముక్క లోపలే ఉండిపోతుంది, పై స్క్రిప్ట్‌కి దొరుకుతుంది. ఇంకొన్ని మాట ఆగగానే ముక్క ముగిస్తాయి, అప్పుడు మౌనం రెండు ముక్కల మధ్య ఖాళీగా ఉంటుంది, ముగింపుకీ తర్వాతి మొదలుకీ మధ్య రెండు సెకన్ల పైన తేడా ఉన్న చోట్లు వెతకాలి. మన ఫైల్ ఏ రకమో కొన్ని ముక్కలు చూస్తేనే తెలిసిపోతుంది.

లిస్టులో పనికిరానివి కూడా వస్తాయి, నీళ్ళు తాగారు, ఫోన్ మోగింది, కుర్చీ సర్దుకున్నారు. అంతకన్నా జాగ్రత్త పడాల్సింది ఏంటంటే మౌనంగా ఉన్న చోట కొన్నిసార్లు సాఫ్ట్‌వేర్ లేని మాటలు పుట్టిస్తుంది, ముందన్న వాక్యాన్నే మళ్ళీ మళ్ళీ రాసేస్తుంది. అదే వాక్యం అక్షరం తేడా లేకుండా వరసగా రెండు మూడు ముక్కల్లో కనపడితే మనిషి అన్నాడని అనుకోవద్దు, విని చూడాలి. ఒక చోట మాస్టారు ఒకే మాట మూడుసార్లు నొక్కి చెప్పినట్టు టెక్స్ట్‌లో ఉంది, చదివితే భలే ఉంది, వింటే ఆయన ఒక్కసారే అన్నారు, మిగతా అంతా ఫ్యాన్ చప్పుడు.

ఈ రెండు పద్ధతులతో వచ్చిన చోట్లని కలిపి, చదువుతూ రంగు పూసినవాటితో పక్కపక్కన పెట్టి చూశా. రెండిటిలోనూ పడ్డవి ముందు విన్నా. అలా బయటపడ్డ ఒక చోటు గురించి పూర్తిగా చెప్తా, ఎందుకంటే ఈ పనిలో ఉన్న మెలికలన్నీ ఆ ఒక్క క్లిప్‌లోనే వచ్చాయి. ఫైల్‌లో ఇలా ఉంది:

```
1041
01:12:36,180 --> 01:12:40,900
అదే నేను చెప్పేది లెక్క తప్పు చేసిన పిల్లాణ్ణి

1042
01:12:40,900 --> 01:12:44,260
నేనెప్పుడూ బోర్డు దగ్గరికి పిలవలేదండి

1043
01:12:44,260 --> 01:12:51,900
లెక్క రైట్ చేసి ఎలా చేశాడో చెప్పలేనోణ్ణి పిలిచేవాణ్ణి
```

మొదటి రెండు ముక్కలూ సెకనుకి పది పదకొండు దగ్గర నడుస్తున్నాయి, మూడోది ఏడు కన్నా తక్కువకి పడిపోయింది, స్క్రిప్ట్ పట్టింది దాన్నే. విని చూస్తే "చెప్పలేనోణ్ణి" అన్నాక ఆయన మూడు సెకన్ల దాకా ఆగి, మా ఫ్రెండ్ వైపు చూసి, చిన్నగా నవ్వి అప్పుడు "పిలిచేవాణ్ణి" అన్నారు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కదా, అసలు విషయం అంతా ఆ చివరి మాటలోనే ఉంటుంది, ఆ ముందు ఆగిన గ్యాప్‌తోనే ఈ మాట నిలబడింది. క్లిప్ టైట్‌గా ఉండాలని మధ్యలో మౌనాలు ఆటోమేటిక్‌గా కత్తిరించే టూల్స్ ఉన్నాయి చూశారా, వాటిలో వేస్తే మొదట పోయేది ఈ మూడు సెకన్లే. ఇలాంటి ఇంటర్వ్యూలకి అవి వాడకూడదని గట్టిగా అంటాను.

ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది ప్రశ్న. ఎస్‌ఆర్‌టీ ముక్కల హద్దులు వాక్యం హద్దులు కావు, చూశారుగా, "అదే నేను చెప్పేది" అన్న తోక ముందు మాటది, "లెక్క తప్పు చేసిన" దగ్గర కొత్త వాక్యం మొదలైంది, రెండూ ఒకే ముక్కలో ఉన్నాయి. ఆ "అదే" దగ్గర మొదలుపెడితే చూసేవాడికి ఏది అదే అని అర్థం కాదు. క్లిప్ మొదటి వాక్యంలో "అది", "వాళ్ళు", "అందుకే", "అక్కడ" లాంటివి ఉంటే నేను వెంటనే ఆగి చూస్తా, అది ఎవరిని ఉద్దేశించిందో క్లిప్ లోపల ఉందా లేదా అని. లేకపోతే మూడు దార్లున్నాయి: ఇంకాస్త వెనక్కి వెళ్ళి ప్రశ్నతో సహా తీసుకోవడం, ప్రశ్నని స్క్రీన్ మీద ఒక లైన్‌గా వేయడం, అసలు ఆ క్లిప్‌నే వదులుకోవడం. ఇక్కడ ప్రశ్న బాగా వెనక ఉంది, మధ్యలో మాస్టారు దారి తిరిగి తిరిగి వచ్చారు, కానీ అదృష్టం కొద్దీ "లెక్క తప్పు చేసిన పిల్లాణ్ణి" అన్నది దానంతట అదే అర్థమయ్యే వాక్యం, 01:12:38 దగ్గర మొదలవుతోంది, ముందు చిన్న ఊపిరి కూడా ఉంది. ఆ ఊపిరి ముందు నుంచి తీసుకుంటే కత్తిరించినట్టు ఉండదు.

వినడానికి ముందు రఫ్‌గా అటూ ఇటూ ఎక్కువ పెట్టి తీసుకుంటా, ముందు అరనిమిషం, తర్వాత ఒక నిమిషం:

```
ffmpeg -ss 01:12:08 -i interview.mp4 -t 105 -c copy check_01.mp4
```

ఎస్‌ఆర్‌టీలో మిల్లీసెకన్ల ముందు కామా ఉంటుంది, ffmpeg కమాండ్‌లో చుక్క పెట్టాలి, అది గుర్తుంచుకోండి. ఈ `-c copy` చాలా వేగంగా అయిపోతుంది కానీ కీఫ్రేమ్ దగ్గరే, అంటే పూర్తి బొమ్మ దాచి ఉంచిన ఫ్రేమ్ దగ్గరే కత్తిరించగలదు, అందుకని మనం అడిగిన చోటికి కొన్ని సెకన్ల ముందు మొదలవ్వొచ్చు, లేదా మొదట్లో బొమ్మ ఆగిపోయి మాట మాత్రం వినపడొచ్చు. రఫ్‌గా వినడానికి ఫరవాలేదు, ఫైనల్‌కి మాత్రం మళ్ళీ ఎన్‌కోడ్ చేయాల్సిందే:

```
ffmpeg -ss 01:12:37.800 -i interview.mp4 -t 14.600 -c:v libx264 -c:a aac clip_01a.mp4
```

ఈ రఫ్ ముక్క విన్నప్పుడు, ఆ మాట తర్వాత నిమిషంలో ఏమీ తేడా లేదు, ఒక పిల్లాడి గురించి చెప్పి వేరే విషయంలోకి వెళ్ళిపోయారు. సరే బాగుంది అనిపించింది. కానీ ఫైనల్ చేసే ముందు నేను తప్పకుండా చేసేది ఇంకోటుంది, ఆ క్లిప్‌లో ఉన్న ముఖ్యమైన పదాన్ని మళ్ళీ మొత్తం ట్రాన్స్‌క్రిప్ట్‌లో వెతుకుతా. ఇక్కడ "బోర్డు". చాలా చోట్ల వచ్చింది, వాటిలో ఒకటి 01:47:05 దగ్గర, అంటే ముప్పై నాలుగు నిమిషాల తర్వాత. అక్కడ ప్రశ్న వేరే, ఇప్పుడు మళ్ళీ పాఠం చెప్పాల్సివస్తే ఏం మారుస్తారు అని. దానికి మాస్టారు అన్నది ఇది: బోర్డు దగ్గర నిలబడి చెప్పలేకపోయిన పిల్లలు కొందరు తర్వాత లెక్కలంటేనే భయపడ్డారేమో, బుర్రలో అర్థమై నోటికి రాని పిల్లలు కూడా ఉంటారు కదా, వాళ్ళని నేను పట్టించుకోలేదేమో అనిపిస్తుంది.

అంటే మొదటి మాటకి ఆయనే జవాబు చెప్పుకున్నారు. మొదటిది ఒక్కటే తీసి పెడితే చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు, షేర్ చేస్తారు, కానీ ఆయన ఇవాళ నమ్మేది అది కాదు. రెండు గంటలు మాట్లాడిన మనిషి అభిప్రాయం ఒక్కోసారి ఆ రెండు గంటల్లోనే కదులుతుంది, వీడియో ముందుకీ వెనక్కీ లాగుతూ వెతికితే ఇది దొరికేది కాదు, ఒక పదం కొడితే దొరికింది. నా దృష్టిలో ట్రాన్స్‌క్రిప్ట్ వల్ల వచ్చే అసలు మేలు ఇదే, మంచి మాట దొరకడం కన్నా ఆ మాటని ఆయన తర్వాత సవరించుకున్నారా లేదా అన్నది తెలియడం. పదం మార్చి కూడా వెతకాలి, ఎందుకంటే రెండోసారి మాట్లాడేటప్పుడు అదే పదం వాడాలని లేదు, నేను "బోర్డు"తో పాటు "పిలి", "భయ", "తప్పు చే" కూడా వెతికా.

మా ఫ్రెండ్‌తో మాట్లాడితే ఆవిడ రెండూ కలిపి పెడదాం అన్నారు. నాకూ అదే అనిపించింది, కానీ అతుకు కనపడకుండా కలిపేస్తే ఆయన ఒకే ఊపులో అన్నట్టు అవుతుంది, అది అబద్ధం. అందుకని మొదటి మాట అయిపోయాక స్క్రీన్ ఒక సెకను నల్లగా చేసి "అదే ఇంటర్వ్యూలో, తర్వాత" అని వేసి రెండోది పెట్టాం. అలాగే ఒకే జవాబు లోపల మాటలు తీసేసి వాక్యాన్ని పొట్టి చేయడం కూడా నేను చేయను, "అంటే", "మరి" లాంటి ఊతపదాలు తీసినా సరే అక్కడ బొమ్మ గెంతడం కనపడనిస్తా, కెమెరా యాంగిల్ మార్చి దాచను. చివరికి ఆ క్లిప్ 52 సెకన్లు వచ్చింది, ఆరింటిలోకీ అదే బాగుందని నా నమ్మకం.

ముగించే చోటు గురించి కూడా ఒక మాట. టైమ్‌స్టాంప్ చెప్పే ముగింపు టైమ్ సాధారణంగా ఆఖరి అక్షరం దగ్గరే ఆగుతుంది, ఒక్కోసారి చివరి "అండి" సగంలో తెగిపోతుంది. వినకుండా ఆ నంబరు నమ్మి కత్తిరించొద్దు. నేను చివర కనీసం అర సెకను వదులుతా, ఎదురు మనిషి స్పందించేలోపు ఆపుతా, కానీ ఆ స్పందనే అందంగా ఉంటే ఉంచేస్తా.

దొరికినవన్నీ ఒక షీట్‌లో రాసుకున్నా, మొదలు, ముగింపు, మొదటి నాలుగు మాటలు, చివరి నాలుగు మాటలు, ఎందుకు తీసుకున్నానో ఒక లైన్, వద్దనుకుంటే ఎందుకు వద్దనుకున్నానో ఒక లైన్. మొదటి చివరి మాటలు రాసుకోవడం ఎందుకంటే, రేపు ఎవరైనా ఫుల్ వీడియో ముందు టైటిల్ అతికించినా, మొదట్లో ఒక నిమిషం తీసేసినా టైమ్‌లన్నీ జరిగిపోతాయి, మాటలు మాత్రం జరగవు, వాటితో మళ్ళీ వెతుక్కోవచ్చు. వద్దనుకున్నవాటిలో ఎక్కువ "ప్రశ్న లేకపోతే అర్థం కాదు" అన్నవే, ఇంకొన్నిటిలో వేరేవాళ్ళ పేర్లు వచ్చాయి, వాళ్ళని అడగకుండా క్లిప్‌గా పెట్టడం బాగోదు.

ఆఖరి పని సబ్‌టైటిల్స్. చాలామంది సౌండ్ ఆపేసి చూస్తారు కాబట్టి క్లిప్ మీద మాటలు వేయాలి, ఇక్కడ మాత్రం సాఫ్ట్‌వేర్ రాసిన టెక్స్ట్‌ని ఉన్నదున్నట్టు వేయకూడదు. తెలుగులో కాదు అనే అర్థం చాలాసార్లు ఒక చిన్న అక్షరంలో ఉంటుంది, "చెప్పగలిగినోణ్ణి", "చెప్పలేనోణ్ణి" రెండూ గబగబా అంటే దగ్గరదగ్గరగా వినపడతాయి, "పిలవలేదండి" కాస్తా "పిలిచానండి" అని పడితే మాస్టారు తప్పు చేసిన పిల్లల్నే పిలిచేవారని అర్థం తిరగబడుతుంది. అందుకని ప్రతి క్లిప్‌లోనూ "లే", "కాదు", "వద్దు", "రా" ఉన్న మాటలన్నీ నెమ్మదిగా ప్లే చేసి విడిగా విన్నా, అంకెలు, పేర్లు కూడా అంతే. ఆయన యాసని మాత్రం దిద్దలేదు, "చెప్పలేనోణ్ణి" అంటే అలాగే వేశా, పుస్తకం భాషలోకి మార్చి "చెప్పలేనివాడిని" అని వేస్తే కింద ఒకటి కనపడుతూ చెవికి ఇంకోటి వినపడుతుంది. ఆ మూడు సెకన్ల గ్యాప్ దగ్గర కూడా లైన్‌ని రెండుగా విడగొట్టా, ఆయన నోరు తెరిచే దాకా "పిలిచేవాణ్ణి" స్క్రీన్ మీదకి రాకుండా.